ఓపీ సమయాల మధ్య ఖాళీ ఉంచనివ్వండి

హనుమకొండ జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి,

నమస్కారం. నేను జిల్లాలోని ఒక చిన్న క్లినిక్‌లో ఓపీ చీటీలు రాస్తాను. ఒకే డాక్టరు, ఉదయం 9 నుంచి 1 దాకా ఓపీ. అందరికీ తలా ఐదు నిమిషాల చొప్పున 48 మందికి ఫోనులో సమయం ఇవ్వాలని మాకు చెప్పారు. ఈ పద్ధతి ఎందుకు నిలవదో వివరించడానికే ఈ లేఖ.

షుగరు, బీపీ పరీక్షకు మళ్లీ వచ్చేవారికి ఐదు నిమిషాలు చాలు. మొదటిసారి వచ్చినవారికి పాత మందులు అడిగి, పరీక్షించి, రాసేసరికి పన్నెండు నిమిషాలు పడుతుంది. 48 మందిలో 12 మంది కొత్తవారైతే పని 324 నిమిషాలకు చేరుతుంది. ఉన్నది 240. ముందుగా చెప్పకుండా జ్వరంతో వచ్చేవారిని ఇంకా లెక్కలో వేయనే లేదు.

గంటను ఇలా పంచి చూడండి. 10 గంటలకు ఇద్దరు కొత్తవారు, 24 నిమిషాలు. తర్వాత ఎనిమిది నిమిషాలు ఖాళీ. 10:32 నుంచి నలుగురు పాతవారు. చివర మరో ఎనిమిది నిమిషాలు ఖాళీ. చీటీ మీద 10:12 అని రాయనక్కర్లేదు; కొత్తవారిద్దరికీ 10 అనే రాస్తే, ఒకరు ఆలస్యమైనా డాక్టరు ఖాళీగా కూర్చోరు.

ఖాళీని గంటగంటకూ ఎందుకు ఉంచాలంటే, ఆలస్యం ఒకరి నుంచి ఒకరికి పేరుకుంటూ పోతుంది. అంతా కలిపి పన్నెండున్నరకు అరగంట వదిలితే, పదిన్నరకు రావలసినవారికి ఒరిగేదేమీ లేదు. పల్లెల నుంచి తొలి బస్సులకు దిగేవారు తొమ్మిదింటికే వస్తారు కాబట్టి మొదటి గంటలో కొత్తవారిలో ఒక్కరికే సమయం ఇచ్చి, 28 నిమిషాలు వదలాలి. అప్పుడు రోజుకు సమయం ఇవ్వగలిగేది 23 మందికే, ఖాళీ 76 నిమిషాలు. ఆ ఖాళీలో ముందుగా చెప్పకుండా ఎవరూ రాకపోతే వరండాలో కూర్చున్న తర్వాతి వ్యక్తిని లోపలికి పిలుస్తాం. ఆయాసంతోనో ఛాతీ నొప్పితోనో వచ్చినవారికి ఏ వరుసా వర్తించదు.

48 నుంచి 23కి తగ్గడం మీకు నచ్చకపోవచ్చు. ఆ 48 కాగితం మీదిదే సార్. రెండింటి వరకూ డాక్టరు లేవకపోయినా చివరి పదిమంది చూపించుకోకుండానే వెళ్లిపోతున్నారు. మందులు మాత్రమే కావలసిన షుగరు, బీపీ రోగులను నర్సు చూసి, తేడా ఉంటేనే డాక్టరు దగ్గరకు పంపే వీలు కల్పిస్తే మిగతావారికి చోటు దొరుకుతుంది.

ఒక షరతు మాత్రం తప్పనిసరి: ఖాళీ నిమిషాలను ఫోనులో ఎవరికీ ఇవ్వకూడదు. పైనుంచి ఎవరు చెప్పినా సరే. ఒక్కసారి ఇస్తే వారంలో అవి మాయమవుతాయి.

రెండు వారాలు అనుమతించండి. ప్రతి చీటీ మీద వచ్చిన వేళ, లోపలికి వెళ్లిన వేళ, బయటికి వచ్చిన వేళ రాస్తాం. 10 గంటలవారి కంటే 12 గంటలవారు ఎక్కువసేపు ఆగుతుంటే ఖాళీ చాలలేదని అర్థం. ఆదివారం ఆగినవారంతా వచ్చే సోమవారాన్ని విడిగా లెక్కించి, ఆ చీటీలు మీకే పంపుతాను.

ఇట్లు,
ఓపీ చీటీలు రాసే ఒక ఉద్యోగిని