కట్ట ఎత్తు అందరూ చూస్తున్నారు, మత్తడి వెడల్పు ఎవరూ కొలవట్లేదు

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే చాలు, ఫలానా ఊళ్లో కుంట తెగింది, ఫలానా చోట చెక్‌డ్యామ్ మట్టికట్ట కొట్టుకుపోయింది అని జిల్లా పేజీల్లో వార్తలు వరసగా వస్తుంటాయి. కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే రాస్తారు, భారీ వర్షం అని. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది, అలాంటి వానని ఏ చిన్న కుంటా తట్టుకోలేదు, దాన్ని పక్కన పెడదాం. కానీ నాలుగైదేళ్లకోసారి పడే గట్టి వానకే తెగుతున్నవి చాలా ఉన్నాయి. చిన్న నీటి వనరుల పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి, తెగిన చోటికి పోయి టేపు పట్టి చూస్తే చాలాసార్లు తేలేది మత్తడి (అలుగు) చాల్లేదనే.

మా మండలంలోని ఒక కుంట సంగతే చెప్తాను. పైనుంచి నీళ్లు దిగే పొలాలూ బీడూ కలిపి 50 ఎకరాలు, అంటే 20 హెక్టార్లు. ఎర్ర నేల, కొంచెం వాలు. కట్ట ఎత్తు 3 మీటర్లు. మత్తడి కోసం కట్ట చివర 2 మీటర్ల సందు వదిలి అడుగున రాళ్లు పరిచారు. కట్ట పోసినప్పుడు మత్తడి కన్నా 90 సెంటీమీటర్లు ఎత్తుంది, చూసినవాళ్లంతా బ్రహ్మాండంగా ఉందన్నారు. ఇప్పుడు లెక్క చూడండి. గంటకి 90 మిల్లీమీటర్ల జోరుతో అరగంట వాన పడిందనుకుందాం, ఇంత చిన్న పరీవాహకానికి ఈ లెక్క ఎక్కువేం కాదు. 20 హెక్టార్ల మీద ఆ జోరంటే సెకనుకి 5 ఘనపు మీటర్ల నీరు. అందులో 60 శాతం నేలలో ఇంకి, మళ్లలో ఆగిపోయినా మిగిలిన 2 ఘనపు మీటర్లు, అంటే సెకనుకి 2,000 లీటర్లు, కుంటలోకి దిగుతాయి.

కుంట పట్టుకుంటుంది కదా అంటారు కొందరు. ఖాళీగా ఉంటే పట్టుకుంటుంది. కానీ కట్టలు తెగేది ఆగస్టు, సెప్టెంబర్‌లలో, అప్పటికే కుంట నిండి మత్తడి పారుతున్నప్పుడు, అందుకే కుంట నిండి ఉందనుకునే లెక్క వేయాలి. వచ్చిన నీళ్లు వచ్చినట్టే బయటికి పోవాలి. రాతి మత్తడి మీదుగా ఎంత నీరు పోతుందో తెలుసుకోడానికి సూత్రం చిన్నదే:

Q = 1.7 × L × H^1.5

L మత్తడి పొడవు (కట్ట వరసలో వెడల్పు) మీటర్లలో, H మత్తడి మీద పారే నీటి లోతు మీటర్లలో, Q సెకనుకి పోయే ఘనపు మీటర్లు. 2 మీటర్ల మత్తడి మీంచి 2 ఘనపు మీటర్లు పోవాలంటే నీళ్లు 70 సెంటీమీటర్ల లోతున పారాలి. మరి కట్ట 90 ఉంది కదా, ఇంకా 20 మిగిలింది కదా అనిపిస్తుంది. ట్రాక్టర్లతో మట్టి పోసి, సరిగ్గా తడిపి రోలర్ తొక్కించని కట్ట రెండు మూడు వానాకాలాల్లో తన ఎత్తులో పదో వంతు దాకా కుంగుతుంది. 3 మీటర్ల కట్ట 30 సెంటీమీటర్లు దిగిపోయింది, ఉన్నది 60, కావాల్సింది 70. ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు ఎక్కి దిగే చోట అయితే అంత కూడా లేదు. సరిగ్గా అక్కడే నీళ్లు కట్ట దాటాయి. పొర్లిన నీళ్లు వెనక వాలు అడుగున ముందు చిన్న గుంట పెట్టాయి, ఆ గుంట కోసుకుంటూ పైకి ఎగబాకింది, అది కట్ట మీదికి చేరాక ఇంక ఎవరూ చేసేదేం ఉండదు. కింద రెండెకరాల వరి మీద మేట వేసి పోయింది.

అదే మత్తడి 7 మీటర్లు పెట్టి ఉంటే 2 ఘనపు మీటర్లకి 30 సెంటీమీటర్ల లోతు చాలు. దాని మీద అలలకీ, లెక్క తప్పితే ఆసరాకీ మరో 50 సెంటీమీటర్లు వదలాలి, అదే ఫ్రీబోర్డ్. అందరూ పొరబడేది ఇక్కడే, ఫ్రీబోర్డ్‌ని మత్తడి తల నుంచి కొలుస్తారు. కొలవాల్సింది వరదప్పుడు మత్తడి మీద పారే నీటి మట్టం నుంచి. 30, 50 కలిపి కుంగిన తర్వాత కట్ట 80 సెంటీమీటర్లు నిలవాలి, అంటే పోసేటప్పుడే మత్తడి కన్నా 1.1 మీటర్లు ఎత్తు పోయాలి. వెడల్పు మత్తడికి రాయి, సిమెంటు ఖర్చు పెరుగుతుంది, నిజమే, కానీ మట్టి మళ్లీ పోసే ఖర్చుతో పోలిస్తే అదెంత?

కొన్నిచోట్ల మత్తడే లేకుండా కట్టలో ఒక 12 అంగుళాల సిమెంటు పైపు పెట్టి వదిలేస్తున్నారు. దాని మీద రెండడుగుల నీళ్లు నిలిచినా ఆ పైపు సెకనుకి సుమారు 150 లీటర్లకి మించి మోయదు. వచ్చేవి 2,000. పైగా ఒక తుమ్మ కొమ్మ అడ్డం పడితే అదీ లేదు, పైపు చుట్టూ మట్టి సరిగ్గా దిమ్మిస చేయకపోతే దాన్ని అంటుకునే నీళ్లు దారి చేసుకుంటాయి. మత్తడి ఎప్పుడూ కట్ట కొసన, కదపని గట్టి నేలలో ఉండాలి, దాని నీళ్లు కట్ట అడుగుని తాకకుండా పక్కనుంచి వాగులో కలవాలి.

ఇంకో సంగతి, ఇది మనుషులకి కోపం తెప్పిస్తుందని తెలిసీ రాస్తున్నా. చేపలు పోకుండా మత్తడి మీద వలలూ ఇనుప జాలీలూ కడతారు, ఇంకో పది రోజుల నీళ్ల కోసం రైతులే ఇసుక బస్తాలు పేరుస్తారు. చెత్త పట్టి ఆ వల ఒక అడుగు ఎత్తున మూసుకుందంటే మత్తడి తల 30 సెంటీమీటర్లు లేచినట్టే, 80 సెంటీమీటర్లలో వరద నీరు 60 దాకా వస్తుంది, ఫ్రీబోర్డ్ 20 మిగులుతుంది. చేప పిల్లలు పోతే సంఘం వాళ్ల ఏడాది కూడు పోతుంది, అది నాకూ తెలుసు. అందుకే వల వద్దనడం లేదు, మత్తడి తల మీద కాకుండా కుంట లోపలికి నాలుగైదు మీటర్లు జరిపి, అర్ధచంద్రాకారంలో గుంజలు పాతి కట్టమంటున్నాను. అప్పుడు వల పొడవు పెరుగుతుంది, కొంత మూసుకున్నా మిగిలిన దాంట్లోంచి నీళ్లు పోతాయి. వాన పడుతున్న రాత్రి చెత్త తీయడానికి ఒక మనిషి మాత్రం తప్పదు. ఇసుక బస్తాలకైతే ఏ సర్దుబాటూ లేదు, తీసేయాల్సిందే.

అధికారులని నేను అడిగేది ఇదీ. ఉపాధి హామీలో గానీ మరే పద్దు కింద గానీ కుంట కట్టినప్పుడు ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీశారో ఎం-బుక్‌లో రాసి బిల్లు చేస్తున్నారు. పరీవాహకం ఎన్ని ఎకరాలు, మత్తడి ఎన్ని మీటర్లు, కట్టలో అన్నిటికన్నా పల్లమైన చోటు మత్తడి కన్నా ఎంత ఎత్తుంది అనే మూడు సంగతులు కూడా రాయకుండా బిల్లు చేయొద్దు. ఇప్పటికే ఉన్న కుంటలకి మే నెలలో పంచాయతీ వాళ్లే చూసుకోవచ్చు, మేస్త్రీల దగ్గరుండే నీళ్ల లెవల్ పైపు చాలు. ఒక కొస మత్తడి మీద పెట్టి రెండోది కట్ట వెంబడి జరుపుకుంటూ పోతే పల్లమున్న చోటు గంటలో దొరుకుతుంది, అక్కడ మట్టి పోసి తొక్కించడం రెండు రోజుల పని.

ఇట్లు,
రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
మహబూబాబాద్ జిల్లా