అమ్మ నంబరుకి పెట్టిన రింగ్‌టోన్ ఎందుకు పోయింది?

"అన్నా, మా అమ్మ నంబరుకి మీరు పెట్టిచ్చిన రింగ్‌టోన్ రెండు నెలలు బాగానే మోగింది. ఇప్పుడు అందరికీ మోగేదే అమ్మకీ మోగుతోంది. ఫోన్ పాడైందా?"

ఫోన్ బాగానే ఉందమ్మా. తప్పు నాది. మా దుకాణంలో మీలాగే ఇంకొంతమందికి కూడా నేను అదే పద్ధతిలో పెట్టిచ్చాను కాబట్టి, జరిగింది అందరికీ చెప్పాలి.

ఈమె అమ్మగారు ఒంటరిగా ఉంటారు. రాత్రిపూట ఆ ఒక్క నంబరు నుంచి ఫోన్ వస్తే వెంటనే తెలియాలని, అమ్మ గొంతుతోనే "లే నాన్నా, నేనే" అని రికార్డు చేసిన చిన్న ఆడియో తెచ్చారు. అది వాట్సాప్‌లో వచ్చిన ఫైలు. ఫైల్ మేనేజర్‌లో దాన్ని తెరిచి, అక్కడి మెనూలోంచే నేరుగా ఆ కాంటాక్టుకి రింగ్‌టోన్‌గా పెట్టాను. ఒకసారి ఫోన్ చేసి చూశాం, మోగింది, ఇచ్చేశాను. రెండు నెలల తర్వాత స్టోరేజి నిండిందని ఆమె వాట్సాప్‌లోని పాత ఆడియోలు, వీడియోలు తుడిచేశారు. వాటితోపాటు ఆ ఫైలూ పోయింది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో కాంటాక్టు దగ్గర పాట ఉండదు, పాట ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. ఆ చిరునామాలో ఫైలు దొరక్కపోతే ఫోన్ ఏ హెచ్చరికా ఇవ్వదు, మామూలు రింగ్‌టోన్ మోగిస్తుంది. అందుకే పోయిన సంగతి ఆమెకు అమ్మ ఫోన్ చేసేదాకా తెలియలేదు. నన్ను బాధపెట్టింది కూడా అదే. అత్యవసరానికని పెట్టుకున్న ఏర్పాటు, చెప్పాపెట్టకుండా ఆగిపోయింది.

ఇప్పుడు నేను చేస్తున్న పద్ధతి ఇది. ముందు ఫైల్ మేనేజర్‌లో ఆ ఆడియోను ఫోన్ మెమరీలోని Ringtones అనే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తాను. ఆ తర్వాతే కాంటాక్ట్స్ యాప్‌లో ఆ మనిషి పేరు తెరిచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, Set ringtone లోకి వెళ్లి ఆ కాపీని ఎంచుకుంటాను. కొన్ని కంపెనీల ఫోన్లలో ఇది కాంటాక్టును ఎడిట్ చేసే చోట ఉంటుంది. క్రమం ముఖ్యం. రింగ్‌టోన్ పెట్టాక ఫైలును వేరే ఫోల్డర్‌కి జరిపితే పాత చిరునామా పనికిరాకపోవచ్చు, అప్పుడు మళ్లీ ఎంచుకోవాల్సిందే.

కొన్ని ఫోన్లు మనం కొత్త ఆడియోను జతచేసినప్పుడు తమంతట తామే Ringtones ఫోల్డర్‌లోకి ఒక కాపీ వేసుకుంటాయి, కొన్ని వేసుకోవు. మీ ఫోన్ ఏ రకమో తెలుసుకోవడం తేలిక. ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. మీ ఫైలు అందులో కనిపిస్తే దిగుల్లేదు. లేకపోతే వాట్సాప్ ఆడియోలు తుడిచే ముందు దుకాణానికి రండి, లేదా పైన చెప్పినట్టు మీరే చేసుకోండి.

Set ringtone అసలు కనిపించకపోతే, ఆ నంబరు సిమ్ కార్డులో సేవ్ అయి ఉందేమో చూడండి. సిమ్‌లో పేరూ నంబరూ తప్ప ఇలాంటివి పట్టవు. దాన్ని ఫోన్‌లోకి గానీ గూగుల్ అకౌంట్‌లోకి గానీ మార్చుకోవాలి. ఒకే నంబరు రెండు పేర్లతో ఉన్నా ఇబ్బందే. "అమ్మ" కి రింగ్‌టోన్ పెట్టాం, కానీ ఫోన్ వచ్చినప్పుడు తెరమీద "అమ్మ ఇల్లు" అని పడుతోంది. అలాంటప్పుడు రెండోది తీసేస్తే సరిపోతుంది.

ఆడియో గురించి కూడా ఒక మాట. మంచి పాట తెచ్చి, మొదటి నుంచి పెట్టమంటారు. చాలా పాటలు నెమ్మదిగా, వినీవినిపించకుండా మొదలవుతాయి, అది అందుకునేలోపు ఫోన్ ఆగిపోతుంది. మొదటి క్షణం నుంచే శబ్దం ఉన్న చోట కత్తిరించాలి. అమ్మగారి రికార్డింగులో మాట మొదలయ్యే ముందు రెండు సెకన్ల నిశ్శబ్దం ఉంది. అది తీసేశాక మిగిలింది నాలుగు సెకన్లే, అయినా చాలు. అయిపోగానే మళ్లీ మొదటినుంచి మోగుతుంది.

ఇక వైబ్రేషన్. ఆమె తమ్ముడిది ఐఫోన్, పగలంతా సైలెంట్‌లోనే ఉంటుంది. అతనికి కావాల్సింది జేబులో ఉన్న ఫోన్ అదురును బట్టి అది అమ్మే అని తెలియడం. ఐఫోన్‌లో ఇది చక్కగా కుదురుతుంది. కాంటాక్టు తెరిచి Edit, తర్వాత Ringtone, అందులో Haptics, కింద Create New Vibration. పాత వెర్షన్లలో Haptics బదులు Vibration అని ఉంటుంది. ఖాళీ తెర వస్తుంది. వేలు నొక్కిపట్టినంతసేపు అదురుతుంది, తీస్తే ఆగుతుంది. మేం రెండు పొడుగు, ఒక పొట్టి, తర్వాత కాస్త విరామం ఇచ్చి Stop నొక్కి, Play తో చూసుకుని, పేరు పెట్టి సేవ్ చేశాం. మొదట అతను టకటకా ఏడెనిమిది పొట్టివి కొట్టాడు. చేతిలో తేడా తెలిసింది గానీ జేబులో పెట్టుకుంటే మామూలు అదురులాగే ఉంది. పొడుగువే బట్టల్లోంచి తెలుస్తాయి.

అదే పేజీలో పైన Emergency Bypass అని ఉంటుంది. అది ఆన్ చేస్తే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ ఒక్కరి కాల్ శబ్దంతో మోగుతుంది. రాత్రికి మంచిదే, మీటింగులో మాత్రం అందరూ వింటారు. అందుకే అతనికి అది ఆఫ్‌లో ఉంచి, Focus సెట్టింగుల్లో అమ్మ పేరును అనుమతించిన వాళ్లలో చేర్చాం. సైలెంట్‌లో కూడా అదిరేలా Sounds & Haptics లో పెట్టాం.

ఐఫోన్‌లో సొంత ఆడియో పెట్టాలంటే iOS 26 నుంచి తేలికైంది. ముప్పై సెకన్లలోపు ఫైలును Files యాప్‌లోంచి షేర్ చేస్తే Use as Ringtone వస్తుంది. అంతకుముందు వెర్షన్లలో GarageBand యాప్‌లోకి తీసుకుని, అక్కణ్ణుంచి Ringtone గా ఎగుమతి చేయాలి.

ఆండ్రాయిడ్‌లో ఒక్కరికే వేరే అదురు పెట్టే సదుపాయం అన్ని ఫోన్లలో ఉండదు. అక్క ఫోన్‌లో లేదు, ఆ మాట ఆమెకు చెప్పాను. దానికి బదులు అమ్మ కాంటాక్టుకి నక్షత్రం గుర్తు పెట్టి, Do Not Disturb లో నక్షత్రం ఉన్నవాళ్ల కాల్స్‌ని అనుమతించాం. కాంటాక్టు రింగ్‌టోన్‌కి వేరే వాల్యూమ్ ఉండదు కాబట్టి పడుకునే ముందు రింగ్ వాల్యూమ్ పెంచి ఉంచమన్నాను.

ఈ ఏర్పాటంతా మామూలు ఫోన్ కాల్‌కే. అమ్మగారు వాట్సాప్‌లో చేస్తే అక్క ఫోన్‌లో వాట్సాప్ రింగ్‌టోనే మోగుతుంది. దాన్ని ఆ చాట్‌లో పేరు నొక్కి, నోటిఫికేషన్లలో విడిగా మార్చుకోవాలి. ఇదీ మొదటిసారి నేను చెప్పలేదు.

నా దగ్గర ఇలా పెట్టించుకున్నవాళ్లు ఎప్పుడైనా రండి, డబ్బు తీసుకోకుండా సరిచేస్తాను. ఫోన్ మార్చినవాళ్లు కూడా రండి, ఆండ్రాయిడ్‌లో నంబర్లు గూగుల్ అకౌంట్‌తో వస్తాయి గానీ వాటికి పెట్టిన రింగ్‌టోన్లు రావు. ఒరిజినల్ ఆడియో ఫైలు తెచ్చుకోండి. అమ్మగారో, నాన్నగారో, ఎవరి నంబరైతే వాళ్లకి ఆ సమయంలో ఒకసారి మీకు ఫోన్ చేయమని ముందే చెప్పి ఉంచండి. వాళ్ల నంబరు నుంచే మోగడం మనిద్దరం విన్నాకే ఫోన్ మీ చేతికిస్తాను.