అసెస్‌మెంట్ ఆర్డర్: ఏప్రిల్ 17లోపు అప్పీల్ వేయాలి

పార్ట్‌నర్లందరికీ నమస్కారం. మన గుంటూరు మిర్చి ఫర్మ్‌కు 2023-24 అసెస్‌మెంట్ ఇయర్ ఇన్‌కమ్ టాక్స్ ఆర్డర్, డిమాండ్ నోటీసు 2025 మార్చి 18న అందాయి. ఆదాయానికి రెండు మొత్తాలు కలిపారు.

మొదటిది, బ్యాంకులో వేసిన నగదు 14 లక్షలు. సెక్షన్ 69ఏ కింద చేర్చారు, సర్‌ఛార్జీ, సెస్‌తో 78 శాతం పన్ను. అసలు బరువు ఇదే. ఆ సెక్షన్ పుస్తకాల్లో రాయని డబ్బుకే వర్తిస్తుంది. మనది క్యాష్‌బుక్‌లో అమ్మకాలుగా ఉంది, రిటర్న్‌లోనూ చూపాం. ఒకే డబ్బుకు రెండుసార్లు పన్ను అన్నమాట.

రెండోది, ఒక్కొక్కరికి రోజుకు 10,000 దాటి సరుకుకు నగదుగా ఇచ్చిన 9 లక్షలు, సెక్షన్ 40ఏ(3) కింద ఖర్చుగా ఒప్పుకోలేదు. పంట పండించిన రైతుకే ఇస్తే రూల్ 6డీడీలో మినహాయింపు ఉంది. దళారి దగ్గర కొన్న సరుకుకు లేదు, ఆ బిల్లులు ఇందులో కలపకండి.

కొనుగోళ్లు చూసినవాళ్లు ఏప్రిల్ 5కల్లా రైతుల పాస్‌బుక్ నకళ్లు, ఓచర్లు ఆడిటర్ గారికి ఇవ్వండి. ఆఫీసర్‌కు ముందు ఇవ్వని కాగితాలైతే ఎందుకు ఇవ్వలేదో రూల్ 46ఏ కింద రాయాలి.

అప్పీల్ ఆన్‌లైన్‌లో ఫారం 35, ఫీజు 1,000. అది వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టేకి విడిగా అర్జీ పెట్టాలి, మామూలుగా డిమాండ్‌లో 20 శాతం కట్టమంటారు. ఆ డబ్బు సిద్ధంగా ఉంచండి.