చీమిడి రంగు కాదు, క్యాలెండరు చూడమనండి

అయ్యా,

గత వారం మీ బెంగళూరు ఎడిషన్ ఆరోగ్యం పేజీలో సైనస్ మీద వచ్చిన వ్యాసం చదివిన రోజే రాద్దామనుకుని, కోపం కాస్త చల్లారనిద్దామని ఆగాను. చల్లారలేదు. చీమిడి పసుపుగానో ఆకుపచ్చగానో మారిందంటే బ్యాక్టీరియా చేరినట్టేననీ, వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలనీ బాక్సు కట్టి మరీ అచ్చువేశారు. మారతహళ్ళి మెడికల్ షాపుల వాళ్ళు ఆ కటింగుకు లామినేషన్ చేయించి కౌంటరు మీద పెట్టుకున్నా ఆశ్చర్యం లేదు.

ఆ ఆకుపచ్చ రంగు మన తెల్లరక్తకణాలది. వైరస్‌తో పోరాడటానికి ముక్కులోకి చేరిన ఆ కణాల్లో ఆకుపచ్చటి ఎంజైము ఒకటి ఉంటుంది. కణాలు పెరిగేకొద్దీ చీమిడి చిక్కబడుతుంది, రంగు తిరుగుతుంది. మామూలు జలుబులో కూడా మూడో రోజుకో నాలుగో రోజుకో ఇదే జరుగుతుంది, తర్వాత దానంతటదే పలచబడుతుంది. రంగును బట్టి వైరస్సా బ్యాక్టీరియానా తేల్చడం కుదరదు.

ఎక్స్‌రేతోనూ తేలదు. 1994లో అమెరికాలో మామూలు జలుబుతో ఉన్న పెద్దవాళ్ళకు సీటీ స్కాన్ తీసి చూస్తే, నూటికి 87 వంతున చెంప సైనస్‌లలో, అంటే చెంప ఎముకల్లోని గాలి గదుల్లో, తేడా కనిపించింది. యాంటీబయాటిక్ వాడకుండానే రెండు వారాల్లో అది చాలామందికి పోయింది కూడా. అంటే జలుబు చేసినవాళ్ళలో చాలామంది సైనస్‌లు కాస్తో కూస్తో మూసుకుంటాయి. అయినా అపార్ట్‌మెంట్లలో ఆదివారం పెట్టే ఉచిత శిబిరాల్లో ముక్కు చీదిన ప్రతి మనిషికీ సైనస్ ఎక్స్‌రే రాస్తూనే ఉన్నారు. శిబిరం ఉచితం, ఎక్స్‌రే కాదు.

మరి దేన్ని చూడాలి? రోజుల లెక్కను. ఒకే పీజీలో ఇద్దరు కుర్రాళ్ళకు సోమవారం ఒకేసారి జలుబు పట్టిందనుకుందాం. ఇద్దరికీ గొంతు మంట, తుమ్ములు, మంగళవారం 100 డిగ్రీల జ్వరం, ఒళ్ళునొప్పులు. బుధవారానికి జ్వరం పోయింది. గురువారం మొదటివాడికి ముక్కు పూర్తిగా దిబ్బడ, ఆకుపచ్చ చీమిడి, ముఖమంతా బరువు. రెండోవాడు అప్పటికే కాస్త తేరుకున్నాడు. ఆ రోజు చూసిన ఎవరైనా మందు మొదటివాడికే కావాలంటారు. కానీ శనివారానికి వాడి దిబ్బడ సడలింది, మరుసటి సోమవారానికి దగ్గు, కొద్దిగా చీమిడి మాత్రమే మిగిలాయి. అది వైరస్. ఆ దగ్గు ఇంకో వారం ఉన్నా, రోజురోజుకూ తగ్గుతున్నంతకాలం మందు అక్కర్లేదు.

రెండోవాడు శుక్రవారం ఆఫీసుకు కూడా వెళ్ళొచ్చాడు. ఆదివారం రాత్రి 101 డిగ్రీల జ్వరం మళ్ళీ తగిలింది. కుడి చెంప ఎముక కింద పోటు, వంగి షూ లేసు కట్టుకుంటుంటే అది రెట్టింపు, కుడివైపు పై దవడ పళ్ళు సలుపు, ఒక్క కుడి ముక్కులోంచే చీము. తగ్గుముఖం పట్టిన జలుబు ఐదారు రోజులకు ఇలా తిరగబెట్టడమే బ్యాక్టీరియా చేరిందనడానికి బలమైన గుర్తు. యాంటీబయాటిక్ వల్ల మేలు జరిగే అవకాశం ఉన్నది వీడికి. చీములో దుర్వాసన కూడా ఉంటే పై దవడ పంటినీ చూపించాలి. పంటి వేరు దగ్గర పుట్టిన చీము సైనస్‌లోకి దిగితే, పన్ను బాగుచేయకుండా ఎన్ని మాత్రలు మింగినా మళ్ళీ మళ్ళీ వస్తుంది.

బ్యాక్టీరియా చేరిందనడానికి డాక్టర్లు లెక్కలోకి తీసుకునే గుర్తులు ఇంకో రెండున్నాయి. పది రోజులు దాటినా చీమిడి, దిబ్బడ, ముఖం నొప్పి ఏమాత్రం తగ్గకపోవడం ఒకటి. ఈ పది రోజులూ మొదటి తుమ్ము నుంచి లెక్కపెట్టాలి. రెండోది, మొదటి రోజు నుంచే 102 డిగ్రీలకు తగ్గని జ్వరం చీములాంటి చీమిడితోనో ముఖం నొప్పితోనో మూడు నాలుగు రోజులు వరసగా ఉండటం. (జ్వరం అంత ఉండి ముక్కు మాత్రం పొడిగా ఉంటే, మన ఊళ్ళో ముందు డెంగీ పరీక్ష చేయించండి.) పెద్దవాళ్ళలో వంద జలుబులు చేస్తే బ్యాక్టీరియా దాకా వెళ్ళేవి మహా అయితే రెండు. సైనసైటిస్ అని నిర్ధారించినవాళ్ళకు మందిచ్చి చూసిన పరిశోధనలన్నీ కలిపి లెక్కేసినా, మందువల్ల త్వరగా కోలుకున్నవాళ్ళు వందకు 5 నుంచి 11 మందే. అంతకన్నా ఎక్కువమందికే విరేచనాలు, కడుపునొప్పి వంటివి పట్టుకున్నాయి.

ఇదంతా తెలిసినా అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు మాత్రల పట్టీకి అంత పేరెందుకొచ్చింది? జలుబు ముదిరేది మూడు నాలుగు రోజులకు. మనిషి విసిగిపోయి షాపుకు వెళ్ళేది అప్పుడే. మూడు రోజులు మింగేసరికి ఏడో రోజు వస్తుంది, ఎలాగూ తగ్గాల్సిన జలుబు తగ్గుతుంది, మెప్పంతా మాత్ర కొట్టేస్తుంది. నిజంగా బ్యాక్టీరియా చేరినప్పుడు ఇది సరైన మందూ కాదు. సైనస్‌లో చేరే న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా చాలావరకు దీనికి లొంగడం మానేసింది. డాక్టరు మొదట రాయాల్సింది అమాక్సిసిలిన్-క్లావులనేట్, పెద్దవాళ్ళకు మామూలుగా ఐదు నుంచి ఏడు రోజులు. పెన్సిలిన్ పడనివాళ్ళకు వేరేది రాస్తారు. మూడు రోజులకూ గుణం కనిపించకపోతే మళ్ళీ చూపించాలి, అంతేగాని షాపులో ఇంకో పట్టీ కొనుక్కోకూడదు.

షాపులంటే గుర్తొచ్చింది. సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్‌లు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 కింద ఉన్నాయి. అమ్మినప్పుడల్లా డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారు అన్నది రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. అవుటర్ రింగ్ రోడ్డు పొడవునా ఏ షాపులోనైనా ఆ రిజిస్టరు అడిగి చూడండి, మనల్నే ఎగాదిగా చూస్తారు. తనిఖీ చేయాల్సిన అధికారులకు పండగలప్పుడు స్వీటు షాపుల మీద పడటానికి తీరిక దొరుకుతుంది గానీ, చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే కౌంటర్లు మాత్రం కనపడవు. దానికి తోడు ముక్కు స్ప్రేలు. ఆక్సీమెటాజొలిన్ కొట్టగానే దిబ్బడ వదులుతుంది కనుక మూడు రోజుల మందును నెలలు వాడేస్తున్నారు. మానగానే దిబ్బడ రెట్టింపై, ఆ మనిషి ‘సైనస్ పేషెంటు’ అనిపించుకుని మళ్ళీ అదే కౌంటరుకు వస్తాడు.

ఈ పది రోజులూ ఊరికే కూర్చోనక్కర్లేదు. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ చాలు. గ్లాసుడు నీళ్ళలో, అంటే 240 మిల్లీలీటర్లలో, అయోడిన్ కలపని ఉప్పు అర టీస్పూను, చిటికెడు వంటసోడా వేసి ముక్కు కడుక్కుంటే చీమిడి వదులవుతుంది. ట్యాంకరు నీళ్ళయినా కావేరి నీళ్ళయినా తెర్లేలా మరిగించి గోరువెచ్చగా చల్లార్చాకే వాడాలి, పచ్చినీళ్ళు ముక్కులోకి ఎక్కించకూడదు.

అసలు మీ వ్యాసం ఒక్క ముక్కయినా రాయనిది ఇది: కంటి చుట్టూ వాపు, చూపు మసకబారడం లేదా ఒకటి రెండుగా కనబడటం, నుదురు ఉబ్బడం, భరించలేని తలనొప్పితో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం. షుగరు అదుపులో లేనివాళ్ళకైతే ముక్కులోంచి నల్లటి చెక్కు రావడం, చెంప మొద్దుబారడం కూడా. 2021లో బ్లాక్ ఫంగస్ ఎలా మొదలైందో ఈ ఊరి ఆసుపత్రులకు బాగా గుర్తుండాలి. వీటిలో ఏ ఒక్కటి కనబడినా పది రోజుల లెక్క పక్కనపెట్టి, ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

— ఒక విశ్రాంత ఇ.ఎన్.టి. వైద్యుడు,
మారతహళ్ళి, బెంగళూరు