అక్కా, ఆ క్లిప్ ఎందుకు తీసేశానంటే

మెల్‌బోర్న్,
ఆదివారం రాత్రి

అక్కా,

మన లెక్కల మాస్టారి పదవీ విరమణ సభకు అడిగిన వీడియో పూర్తయింది. లింకు పంపాను, దించుకో. చూడగానే నువ్వు అడిగే మొదటి మాట నాకు తెలుసు: "నా స్నేహితురాలి క్లిప్ ఏదిరా?" ఫోన్‌లో అయితే సగంలోనే వాదనకు దిగుతాం. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు పంపినవి మొత్తం 41 క్లిప్పులు. అన్నీ వినడానికి రెండు రాత్రులు పట్టింది. ఒక్కొక్కరు ఏం చెప్పారో చిన్న చీటీల మీద రాసి బల్ల మీద పరిచాను. ఎంత పెద్ద పనైనా నేను ఇలాగే మొదలుపెడతాను. స్క్రీన్ మీద చూస్తే ప్రతి ముఖమూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది. చీటీ మీద మాత్రం ఎవరు ఏం చెప్పారన్నదే మిగులుతుంది. "సార్ ఎప్పుడూ కొట్టలేదు" అన్నవాళ్లు 11 మంది, "ఫీజు కట్టారు" అన్నవాళ్లు ఆరుగురు. ఒక మాటకు ఒకరే చాలు కాబట్టి మిగతావాళ్లందరినీ చివర్లో దండం పెట్టే దృశ్యంలో చూపించాను. మన స్కూల్లోనే చదివి పెద్ద ఉద్యోగంలో ఉన్నాయన నిమిషంన్నర మాట్లాడారు గానీ, అందులో మాస్టారి ప్రస్తావన వచ్చేది 52వ సెకను దగ్గర. ఆ తర్వాతి 16 సెకన్లు ఉంచాను.

ఇంత చేసినా 9 నిమిషాల 25 సెకన్లు తేలింది. మీ హెడ్మాస్టర్ ఇచ్చిందేమో 8 నిమిషాలు. ఇక అక్కడో సెకను ఇక్కడో సెకను కోస్తే లాభం లేదు, ఒక క్లిప్ మొత్తంగా పోవాల్సిందే.

మైపాడు ఒడ్డున తీసిన పడవాయన క్లిప్ తీసేయమన్నావు, గాలి చప్పుడుకి సగం వినపడటం లేదని. కింది స్థాయి శబ్దాన్ని, 100 హెర్ట్జ్ లోపుది, కోసేశాను. హోరు చాలావరకు తగ్గింది. గాలి మైకును నేరుగా కొట్టిన చోట మాట చిట్లిపోయింది, దాన్ని ఎవరూ బాగుచేయలేరు. అక్కడ కింద అక్షరాలు వేశాను. ఆ క్లిప్పును మాత్రం వదలను. మాస్టారు పాఠం ఎట్లా చెప్పేవారో 41 మందిలో చెప్పింది ఆ పడవాయన ఒక్కడే. శాతాలు అర్థంకాక ఏడుస్తుంటే ఒడ్డున చేపల వేలం దగ్గరికి తీసుకెళ్లి, "నూటికి ఎనిమిది కమీషన్ అంటే నీ చేతికి ఎంతొస్తదిరా?" అని అడిగారట. మిగతావాళ్లంతా మాస్టారు మంచివారని చెప్పారు, ఇతను మాస్టారి పని చూపించాడు. తీసేస్తే లెక్కల మాస్టారి వీడియోలో లెక్కలే ఉండవు.

ఇక నీ స్నేహితురాలి క్లిప్. 1 నిమిషం 48 సెకన్లు. మొత్తంలో అంత బలమైనది ఇంకోటి లేదు, అందులో నీకూ నాకూ తేడా లేదు. పదో తరగతి సంక్రాంతి సెలవుల్లో పెళ్లి కుదిర్చారని, మాస్టారు మూడు రోజులు వరసగా వాళ్ల అరుగు మీద వచ్చి కూర్చున్నారని, మూడో రోజు వాళ్ల నాయన చెంబు విసిరితే మాస్టారి నుదురు చిట్లిందని చెప్పింది. నాకు ఆ కట్టు గుర్తుంది. నేను అప్పుడు ఎనిమిదో తరగతి. తలుపు తగిలిందని క్లాసులో చెప్పారు. నీకూ అదే చెప్పి ఉంటారు.

మొదట దాన్ని కుదించి చూశాను. చెంబు మాటలు తీసేసి, ఆ అతుకు కనపడకుండా పైన స్కూలు వరండా దృశ్యం వేశాను. 35 సెకన్లకు వచ్చింది, వినడానికి చక్కగా ఉంది. కానీ ఆమె చివరి మాట "అప్పట్నుంచి మా నాయన నాతో సరిగ్గా మాట్లాడలా". ముందు మాటలు పోయాక, ఆ మాట చదువుకున్నందుకు తండ్రి పగబట్టాడన్నట్టు వినపడుతోంది. ఆమె చెప్పింది అది కాదు. చెంబు విసిరినందుకు సిగ్గుపడి ఆయన మాట తగ్గించాడని చెప్పింది. మధ్యలో కోస్తే ఆమె అనని మాట ఆమె నోట పెట్టినట్టవుతుంది. అందుకని ఉంటే మొత్తం ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు.

తర్వాత హెడ్‌ఫోన్లు పెట్టుకుని మళ్లీ విన్నాను. 1:12 దగ్గర పక్కగదిలోంచి దగ్గు వినపడుతుంది. ముసలాయన దగ్గు. ఆ వెంటనే ఆమె గొంతు తగ్గిపోతుంది. టైమ్‌లైన్ మీద శబ్దపు గీత అక్కడ సగానికి సగం సన్నబడిపోయింది. నేను వాల్యూమ్ పెంచి ముందు మాటలతో సమానం చేశాను కూడా. చేశాక నాకు చాలా బాధనిపించింది. నాయనకు వినపడకూడదని ఆమె తగ్గించుకున్న గొంతును, ఊరంతా వినేలా నేను పెంచుతున్నాను. నువ్వు ఫోన్ పట్టుకుని ఎదురుగా ఉన్నావు, ఆమె ముఖం చూస్తున్నావు, దగ్గు నీ చెవిన పడి ఉండదు.

ఆమెకు ఫోన్ చేశాను. "పెట్టు తమ్ముడూ, ఏం కాదు" అంది. కాసేపాగి, "మా నాయనకు చెవులు సరిగ్గా వినపడవు. ముందు వరసలో కూర్చోబెడతారేమో కదా" అంది. అనుమతి ఇచ్చింది, నిజమే. కానీ హాల్లో ఏం జరుగుతుందో ఊహించుకో. చెంబు మాట రాగానే తలలన్నీ ముందు వరస వైపు తిరుగుతాయి. వేదిక మీద దండలతో మాస్టారు కూర్చుని ఉంటారు, అడ్డుపడటానికి ఆయనకు వీలుండదు. వాళ్ల నాయన పరువు కోసం మాస్టారు తలుపు తగిలిందని అబద్ధం చెప్పి ఇన్నేళ్లు దాచిన మాటను, ఆయన పదవీ విరమణ రోజున ఆయన కోసమే అని మనం బయటపెట్టినట్టవుతుంది.

అందుకే తీసేశాను. తీశాక వీడియో మధ్యలో పెద్ద వెలితి వచ్చింది. పడవాయన నవ్వుమాట అవగానే వంటామె నవ్వుమాట, ఊపిరి తీసుకునే చోటే లేదు. అప్పుడు నీ క్లిప్పుల్లోనే ఒకటి దొరికింది. నువ్వు రికార్డింగ్ ఆపడం మర్చిపోయినట్టున్నావు, మాస్టారు వెనక్కి తిరిగి నల్లబల్ల మీద రాస్తున్నారు. అందులోంచి 18 సెకన్లు పెట్టాను. సంగీతం ఆపేశాను, సుద్దముక్క చప్పుడు ఒక్కటే వినపడుతుంది. మొత్తం ఇప్పుడు 7 నిమిషాల 55 సెకన్లు.

ఇంక పని సంగతి. ఫైల్ ఒక జీబీ లోపే, H.264 లో చేశాను, మీ పాత టీవీలో కూడా ఆడాలి. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి ఈ ఒక్క ఫైలే ఎక్కించు. కొన్ని టీవీలు ఒకటి అయిపోగానే పక్క ఫైలు వాటంతటవే మొదలుపెడతాయి, నీ స్నేహితురాలి క్లిప్ పొరపాటున కూడా అందులో ఉండకూడదు. ముందురోజే హాల్లో పెట్టి చివరిదాకా చూడు. సుద్దముక్క దగ్గర చప్పుడు రావడం లేదని ఎవరైనా వాల్యూమ్ పెంచబోతే పెంచనివ్వకు, తర్వాతి మాట చెవులు పగిలేలా వస్తుంది.

ఆమె మాటలు మొత్తం, గొంతు ఎంత ఉందో అంతే ఉంచి, విడిగా ఆమెకే పంపాను. తీరిక చూసుకుని మాస్టారికి తనే చూపిస్తానంది. నీ మీదా నా మీదా కోపం లేదు. క్లిప్ లేదని చెప్పగానే, "మంచిపని చేశావు" అని ఫోన్ పెట్టేసింది.

వాళ్ల నాయనను మాత్రం ముందు వరసలోనే కూర్చోబెట్టు. స్పీకరు పక్కన అయితే ఇంకా మంచిది, ఆయనకు సరిగ్గా వినపడాలి.

అమ్మకు మందులు అయిపోకముందే చెప్పమను, డబ్బు వేస్తాను.

నీ తమ్ముడు