మీ సోమవారం రిపోర్టు రాసే వాక్యాల గురించి ఫిర్యాదు

హైదరాబాద్

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

నమస్కారం. సిటీలో మాకు ఐదు బేకరీలున్నాయి. అమ్మకాల్లో వచ్చిన తేడాను మామూలు తెలుగులో రాసి పంపుతుందని మీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాం. అది చెప్పాల్సింది వదిలేసి, అక్కర్లేనిది చెబుతోంది.

మొన్నటి రిపోర్టులో మొదటి వాక్యం: "కూకట్‌పల్లిలో దిల్‌పసంద్ అమ్మకాలు 200 శాతం భారీగా పెరిగాయి." తీరా చూస్తే మూడు కాస్తా తొమ్మిదయ్యాయి. ఎవరో పుట్టినరోజుకి ఆరు కొనుంటారు.

అదే సమయంలో అమీర్‌పేటలో వారం అమ్మకం 6,00,000 నుంచి 5,52,000కి, మరుసటి వారం 5,08,000కి పడిపోయింది. రెండుసార్లూ తగ్గింది 8 శాతమే. తేడా 10 శాతం దాటితేనే వాక్యం రాయాలని మీరు హద్దు పెట్టారు కాబట్టి రెండు సోమవారాలూ ఆ షాపు ఊసే లేదు. కానీ రెండు వారాల్లో 92,000 పోయింది, అంటే 15 శాతం పైమాటే. ఓవెన్ పాడై ఉస్మానియా బిస్కెట్లు సాయంత్రం ఆలస్యంగా వస్తున్నాయని చివరికి మా క్యాషియర్ చెబితే తెలిసింది.

మీవాళ్లకి ఫోన్ చేస్తే హద్దు 5 శాతానికి తగ్గించుకోమన్నారు. తగ్గించాం. అమీర్‌పేట సంగతి వచ్చింది గానీ, దాంతోపాటు 41 వాక్యాలొచ్చాయి. ఎవరు చదువుతారండీ!

శాతం ఒక్కటే చూడటంలోనే తప్పుంది. తేడా రూపాయల్లో కనీసం 20,000 ఉండాలి, ఆ షాపుకి మామూలుగా ఉండే ఊగిసలాటను కూడా దాటాలి. ఈ రెండూ కలిస్తేనే వాక్యం రాయాలి. అమీర్‌పేట అమ్మకం వారానికి 15,000 అటూ ఇటూ ఊగడం మామూలే, 48,000 తగ్గడం మామూలు కాదు. పోల్చేది కూడా పోయిన వారంతో కాకుండా గత ఎనిమిది వారాల సగటుతో అయితే, మెల్లగా జారేది కూడా దొరుకుతుంది. రంజాన్ నెలలో ఈ సగటు పనికిరాదని మాకూ తెలుసు, అప్పుడు కిందటి రంజాన్‌తో పోల్చాలి.

ఇంకొకటి, మాటలు. ఒకే రిపోర్టులో ఒక షాపు 11 శాతం తగ్గితే "స్వల్పంగా" అనీ, ఇంకో షాపు 10.5 శాతం తగ్గితే "గణనీయంగా" అనీ రాశారు. రెండో షాపు మేనేజర్ నాతో గొడవకి దిగాడు, అతని తప్పేం లేదు. ఎంత తేడాకి ఏ మాటో ఒక పట్టికలో రాసిపెట్టి, అన్ని షాపులకీ అదే వాడండి.

ఈ మార్పులు చేయగలరో లేదో 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పండి. కుదరదంటే మిగిలిన నెలల చందా వాపసు ఇవ్వండి.

ఇట్లు,
బేకరీ యజమాని