ఫొటో స్టూడియో తమ్ముడికి కృతజ్ఞతలు

అనంతపురంలో మా పాప స్కూల్ ఫొటోతో వ్యోమగామి బొమ్మ చేసిచ్చిన తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు.

కంప్యూటర్ మొదట ఇచ్చిన బొమ్మలో సూట్ బ్రహ్మాండంగా ఉంది, మొహమే మా పాపది కాదు. రంగు తెల్లబడింది, ముక్కు సన్నబడింది, కనుబొమ్మ పైన మచ్చ మాయమైంది. "ఈ అక్క ఎవరు?" అంది పాప. ఇంకొకరైతే అదే ప్రింట్ తీసి ఇచ్చేవాళ్లు. నువ్వు స్కూల్ ఫొటోలోని మొహాన్నే కత్తిరించి హెల్మెట్‌లో పెట్టావు. ఫొటోలో వెలుతురు ఎడమవైపు నుంచి పడిందని, సూట్ మీది నీడలు కూడా దానికి తగ్గట్టు మార్చావు. రిబ్బన్లు ఏవని పాప అడిగితే, హెల్మెట్ కింద మైకు, ఇయర్‌ఫోన్లు ఉన్న గుడ్డ టోపీ వేసుకుంటారని, జుట్టంతా అందులోకే పోతుందని ఓపిగ్గా చెప్పావు. ఎండ నుంచి కళ్లను కాపాడే బంగారు పూత అద్దాన్ని, మొహం కనబడేలా పైకెత్తినట్టు పెట్టావు.

ఈసారి పాప మచ్చ మీద వేలు పెట్టి "ఇది నేనే!" అని గంతులేసింది.

పనయ్యాక ఆ ఫొటోను మా కళ్ల ముందే కంప్యూటర్‌లోంచి తీసేశావు. ఆడపిల్ల తల్లిగా అది నాకెంత ఊరటో చెప్పలేను. చాలా థాంక్స్ తమ్ముడూ.